కొబ్బరి ఈనె మీసాల పురుగు

పాడైన కంప్యూటర్ మౌస్ చాలా ఇళ్లలో ఒకటైనా ఉంటుంది. టీవీ కింద సొరుగులో, పాత చార్జర్ల చిక్కుముడి అడుగున ఎక్కడో పడి ఉంటుంది. దాన్ని బోర్లా తిప్పి ఒకటో రెండో స్క్రూలు విప్పితే (ఒక్కోసారి స్క్రూ స్టిక్కర్ కింద దాక్కుంటుంది) ఎడమ, కుడి మీటల కింద గోరంత డబ్బాలు రెండు కనిపిస్తాయి. అవి మైక్రోస్విచ్‌లు. చాలా మౌసుల్లో ఒక్కో స్విచ్‌కి మూడు కాళ్లుంటాయి. మీట నొక్కారా లేదా అన్నది తెలియడానికి మౌస్‌కి రెండు కాళ్లు చాలు. మూడోది ఏ పనీ లేకుండా ఊరికే ఉంటుంది. ఇక్కడ చెప్పబోయే రోబో మొత్తం ఆ మూడో కాలి మీదే నడుస్తుంది.

దీనికి బుర్ర లేదు. ప్రోగ్రాం లేదు, చిప్ లేదు, బోర్డు లేదు. రెండు బొమ్మ మోటార్లు, రెండు పెన్సిల్ సెల్స్, రెండు మౌస్ స్విచ్‌లు, కొబ్బరి చీపురు నుంచి లాగిన రెండు ఈనెలు, అంతే. నేల మీద వదిలితే ముందుకు పోతుంది. గోడ తగిలితే ఆ పక్క నుంచి వెనక్కి తిరిగి వేరే దారి పడుతుంది. కుర్చీ కాళ్ల మధ్య బొద్దింకలాగా తడుముకుంటూ తిరుగుతుంది. విదేశాల్లో ఈ సరదా ఉన్నవాళ్లు దీన్ని బీటిల్ అంటారు. మనం పురుగు అనుకుందాం.

చెత్తలోంచి రోబో చేయడం పిల్లలాట కదా అనిపించవచ్చు. కానీ రోబోల చరిత్రలో పేరున్న యంత్రాలు కొన్ని అచ్చంగా ఇలాగే పుట్టాయి. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో గ్రే వాల్టర్ అనే మెదడు శాస్త్రవేత్త 1948-49లో ఎల్మర్, ఎల్సీ అని రెండు యంత్రాలు చేశాడు. తాబేలు లాంటి డొప్ప, మూడు చక్రాలు, రెండు మోటార్లు, రెండు రేడియో వాల్వులు. పళ్ల చక్రాల్లో కొన్నింటిని పాత గడియారాల నుంచి, గ్యాస్ మీటర్ల నుంచి తీసుకున్నాడు. పై డొప్పను కాస్త వదులుగా వేలాడదీశాడు. అది దేనికైనా తగిలి పక్కకు జరిగితే లోపల ఒక స్విచ్ కలుస్తుంది, తాబేలు దారి మార్చుకుంటుంది. మన పురుగు మీసాలు చేసే పని కూడా అదే.

ఇక మోటార్ల వేట. పాత సామాన్లలో మోటార్లకు కొదవ లేదు కానీ అన్నీ మనకు పనికిరావు. మిక్సీ, ఫ్యాను, కూలర్ పంపు మోటార్లు గోడ కరెంటువి, వాటి జోలికి వెళ్లకూడదు. కావలసింది సెల్‌తో తిరిగే చిన్న మోటార్. గుర్తు పట్టడం సులువు: బయటికి రెండు వైర్లే, లేదా రెండు రేకు కొసలే ఉంటాయి. ఒక పెన్సిల్ సెల్ రెండు కొనలను వాటికి తాకిస్తే గిర్రున తిరుగుతుంది, సెల్ తిరగేస్తే ఎదురు తిరుగుతుంది. నాలుగైదు వైర్లు ఉన్న మోటార్ అలా తిరగదు. దాన్ని నడపడానికి వేరే సర్క్యూట్ కావాలి కాబట్టి ప్రస్తుతానికి పక్కన పెట్టాలి. విరిగిన బొమ్మ కార్లు, సెల్‌తో నడిచే చేతి ఫ్యాన్లు, ట్రిమ్మర్లు ఈ వేటలో అన్నిటికంటే మంచి గనులు. కంప్యూటర్‌లోని డీవీడీ డ్రైవ్‌లో కూడా పళ్లెం బయటికి తోసే మోటార్ చాలావరకు ఈ రకమే.

ఇంట్లో లేకపోతే పాత ఇనుప సామాన్ల బండివాడి దగ్గర కిలో లెక్కన దొరుకుతాయి. హైదరాబాద్ వాళ్లకు ఎర్రగడ్డలో ఆదివారం సంత ఉండనే ఉంది. ఒకేలాంటి మోటార్లు రెండు కావాలి. అందుకే ఒకే రకం బొమ్మలు రెండు చూసుకోవడం మేలు, ఎందుకో తర్వాత తెలుస్తుంది.

విప్పకూడనివి కూడా కొన్ని ఉన్నాయి, వాటి విషయంలో మొహమాటం వద్దు. మైక్రోవేవ్ ఓవెన్, లావు పెట్టె టీవీ, ఫ్లాష్ ఉన్న పాత కెమెరా: వీటి లోపలి కెపాసిటర్లు ప్లగ్గు పీకాక కూడా, సెల్స్ తీశాక కూడా ఒళ్లు ఝల్లుమనిపించేంత కరెంటును దాచుకుంటాయి. ఉబ్బిన ఫోన్ బ్యాటరీని పొడవకూడదు, వంచకూడదు. డీవీడీ డ్రైవ్‌లో మోటార్ తీసుకోవచ్చు గానీ అందులోని లేజర్‌ను వెలిగించి చూడాలనే ఉబలాటం వద్దు, కన్ను పోతుంది.

పురుగుకు ముందు ఒక్క పూటలో అయ్యే చిన్న పని ఒకటుంది, అదే ఈ విద్యకు ఓనమాలు. పాత బటన్ ఫోన్ విప్పితే బియ్యపు గింజ కంటే కాస్త పెద్ద మోటార్ కనిపిస్తుంది. దాని ఇరుసుకు ఒక పక్కకే బరువుండే లోహపు తునక ఉంటుంది. ఫోన్ వణికేది దీనివల్లే. టూత్‌బ్రష్ తల కోసి, దాని వీపు మీద ఈ మోటార్‌ను రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించి, పక్కనే వాచీ సెల్ పెట్టి వైర్లు తాకిస్తే బ్రష్ బల్ల మీద పరుగు తీస్తుంది. అమెరికాలో ఈవిల్ మ్యాడ్ సైంటిస్ట్ ల్యాబొరేటరీస్ అనే బృందం 2007లో దీన్ని ప్రపంచానికి పరిచయం చేసింది. ఒక్క మెలిక ఉంది: కుచ్చులన్నీ ఒకే వైపుకు వాలి ఉండాలి. వణుకులో బ్రష్ పైకి లేచి పడినప్పుడల్లా వాలిన కుచ్చు స్ప్రింగులాగా దాన్ని ఒకే దిక్కుకు తోస్తుంది. వాడి వాడి నలువైపులా విచ్చుకున్న బ్రష్ అయితే ఉన్నచోటే బొంగరంలా తిరుగుతుంది. రాత్రంతా ఒక పక్కకు నొక్కి బరువు పెట్టి ఉంచితే మర్నాటికి దారికి వస్తుంది.

ఈ బ్రష్ నడిచాక చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. అదే వాచీ సెల్‌ను బొమ్మ కారు మోటార్‌కు తగిలిస్తారు. మోటార్ ఉలకదు, పలకదు. మోటార్ పాడైందని పారేస్తారు. నిజానికి తప్పు సెల్‌ది. ఆ బిళ్ల సెల్‌ను గడియారం, రిమోట్ లాంటివి కొంచెం కొంచెంగా తాగడానికి చేశారు. ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగితే దాని వోల్టేజీ కుప్పకూలుతుంది. ఫోన్ మోటార్ ఆకలి చిన్నది కాబట్టి కాసేపు సర్దుకుంది. బొమ్మ మోటార్ ఊరికే తిరగడానికే 100, 200 మిల్లీ ఆంపియర్లు అడుగుతుంది. ఇరుసును వేళ్లతో పట్టుకుని ఆపితే దానికి కొన్ని రెట్లు లాగుతుంది. గోడ గడియారంలో ఇంకో ఆరు నెలలు పనిచేసే సెల్ మోటార్ దగ్గర చచ్చిన సెల్ లాగే ఉంటుంది. అందుకని పురుగుకు కొత్త ఆల్కలైన్ పెన్సిల్ సెల్స్ రెండు కొనడమే మంచిది. ఈ ప్రాజెక్టులో చేతి డబ్బు పెట్టాల్సింది దాదాపు వాటికే.

ఇప్పుడు చక్రాల సంగతి. మోటార్ దొరకగానే పిల్లలు ముందు చేసేది నీళ్ల సీసా మూతకు చిల్లు పొడిచి ఇరుసుకు గుచ్చడం. గాల్లో పట్టుకుంటే మూత రివ్వున తిరుగుతుంది. నేల మీద పెట్టగానే మోటార్ మూలుగుతుంది, బండి కదలదు, కాసేపటికి మోటార్ వేడెక్కుతుంది. ఎందుకని? ఒక చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. బరువు మోస్తూ ఒక సెల్ మీద ఆ మోటార్ నిమిషానికి 3 వేల చుట్లు తిరుగుతుందనుకుందాం. అంటే సెకనుకు 50. సీసా మూత అడ్డకొలత సుమారు 30 మిల్లీమీటర్లు, చుట్టుకొలత 94. యాభై చుట్లకు నాలుగున్నర మీటర్ల పైన. అంటే గంటకు 17 కిలోమీటర్లు, హడావుడిగా సైకిల్ తొక్కే మనిషి వేగం! చిన్న బొమ్మ మోటార్‌కు అంత వేగంలో బండిని తోసే సత్తా లేదు. దానికి వేగం ఎక్కువ, బలం తక్కువ.

వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచడానికి పళ్ల చక్రాలు వాడతారు. అంగట్లో దొరికే రోబో కిట్లలో పసుపు రంగు మోటార్ ఒకటి ఉంటుంది. దాని పొట్టలో ఉన్నవన్నీ అవే, లోపల మోటార్ 48 చుట్లు తిరిగితే బయట చక్రం ఒక్కటే తిరుగుతుంది. కిట్‌తో మొదలుపెట్టినవాళ్లకు ఆ డబ్బా ఎందుకుందో తెలియదు, అడగాలని కూడా తోచదు. మన పురుగు మాత్రం పళ్ల చక్రాలు లేకుండానే ఈ చిక్కును దాటుతుంది. చక్రమే పెట్టదు! మోటార్‌ను ఏటవాలుగా వంచి, ఇరుసు కొసనే నేలకు ఆనిస్తుంది. రెండు మిల్లీమీటర్ల ఇరుసు మీద సైకిల్ వాల్వు ట్యూబు ముక్క తొడిగితే అడ్డకొలత 4 మిల్లీమీటర్లు అవుతుంది, చుట్టుకొలత పన్నెండున్నర. యాభై చుట్లకు 60 సెంటీమీటర్ల పైచిలుకు. నేల మీద పురుగు పరుగుకు సరిగ్గా సరిపోయే వేగం.

వాల్వు ట్యూబు అనగానే అరవింద్ గుప్తా పేరు తలుచుకోక తప్పదు. కాన్పూర్ ఐఐటీలో చదివిన ఈ ఇంజినీర్ అగ్గిపుల్లలనూ, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలనూ కలిపి త్రిభుజాలు, పెట్టెలు, గోపురాలు కట్టించి చెత్త నుంచి సైన్సు బొమ్మలు చేయడాన్ని దేశమంతా పాకించాడు. ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. అగ్గిపుల్లకు బిగుతుగా పట్టే ఆ ట్యూబే బొమ్మ మోటార్ ఇరుసుకూ పడుతుంది. సైకిల్ షాపులో అడిగితే జానెడు ముక్క ఇస్తారు. పాత రకం వాల్వు లేని షాపులో అయితే, ఇరుసుకు సరిపడే మెత్తటి రబ్బరు గొట్టం ఏదైనా ఫర్వాలేదు. నున్నటి ప్లాస్టిక్ రీఫిల్ ముక్క మాత్రం పనికిరాదు, టైల్స్ మీద జారుతుంది.

ఇప్పుడు ఆ మూడు కాళ్ల స్విచ్. మౌస్ బోర్డు నుంచి దాన్ని ఊడదీయడానికి సోల్డరింగ్ ఐరన్ కావాలి. ఇంట్లో లేకపోతే వీధి చివర టీవీ మెకానిక్ అయిదు నిమిషాల్లో తీసిపెట్టి, మూడు కాళ్లకూ మూడు వైర్లు అతికించి ఇస్తాడు. ఏ కాలు ఏదో తెలుసుకోవడానికి మీటర్ అక్కర్లేదు, మోటార్ చాలు. సెల్, మోటార్ వరుసగా కలిపి మిగిలిన రెండు వైరు కొసలను స్విచ్ కాళ్లకు రెండేసి చొప్పున తాకించి చూడాలి. మీట నొక్కకుండానే మోటార్ తిరిగే జత ఒకటి, నొక్కితేనే తిరిగే జత ఒకటి, నొక్కినా నొక్కకపోయినా తిరగనిది మరొకటి దొరుకుతాయి. తిరిగిన రెండు జతల్లోనూ ఉన్న కాలే ఉమ్మడి కాలు. మొదటి జతలో దానికి తోడుగా ఉన్నది 'విశ్రాంతి' కాలు, రెండో జతలోది 'నొక్కుడు' కాలు. మర్చిపోకుండా ఉండటానికి మూడింటికీ మూడు రంగుల స్కెచ్ పెన్ చుక్కలు పెట్టుకోవాలి.

సర్క్యూట్ అంతా ఒక్క ఎత్తుగడ మీద నిలబడింది. రెండు సెల్స్‌ను రైలు పెట్టెల్లా వరుసగా కలుపుతారు. అప్పుడు ఆ జంటకు మూడు చోట్లుంటాయి: పై కొస ప్లస్, కింది కొస మైనస్, రెండూ కలిసే నడుమ. రెండు మోటార్ల నుంచి చెరో వైరు ఈ నడుమకు వస్తుంది. మోటార్ రెండో వైరు తన స్విచ్ ఉమ్మడి కాలికి వెళుతుంది. విశ్రాంతి కాళ్లు రెండూ ప్లస్‌కు, నొక్కుడు కాళ్లు రెండూ మైనస్‌కు. ఇంతే. మీసానికి ఏమీ తగలనప్పుడు మోటార్ పై సెల్‌తో ముందుకు తిరుగుతుంది. తగిలి స్విచ్ నొక్కుకోగానే అదే మోటార్ కింది సెల్ చేతిలో పడుతుంది, కరెంటు ఎదురు దిక్కున పారి వెనక్కి తిరుగుతుంది. ఆగమని, తిరగమని చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. ఎడమ మీసం స్విచ్‌కు కుడి మోటార్‌ను, కుడి మీసానికి ఎడమ మోటార్‌ను కలపాలి. ఎడమ పక్క గోడ తగిలితే పురుగు కుడికి తిరగాలి, కుడికి తిరగాలంటే కుడి మోటార్ వెనక్కి పోవాలి. నేరుగా కలిపితే పురుగు గోడ నుంచి తప్పుకోవడానికి బదులు గోడనే మళ్లీ మళ్లీ కుమ్ముతుంది. చూడటానికి వినోదమే, కాసేపు.

ఒంటికి వేరే చట్రం అక్కర్లేదు. పాత బొమ్మ నుంచి తీసిన రెండు సెల్స్ పెట్టె అయితే అదే ఒళ్లు. లోపల సెల్స్‌ను జతచేసే రేకుకు నడుమ వైరు అతికించుకోవచ్చు. పెట్టెకు రెండు పక్కలా మోటార్లను, ఇరుసులు కిందికీ బయటికీ చూసేలా సగం వంపులో గ్లూ గన్‌తోనో, గట్టి టేపుతోనో అతికించాలి. వెనక మూడో ఆనుడుగా ఒక పూస గుచ్చిన పేపర్ క్లిప్ చాలు. అయిపోయిన రోలాన్ డియోడరెంట్ సీసా మూతిలోని గుండు కూడా బాగుంటుంది కానీ బరువెక్కువ. పురుగు బరువు చాలావరకు ఇరుసుల మీదే పడాలి. ఒక్కో పెన్సిల్ సెల్ 20 గ్రాముల పైనే ఉంటుంది కాబట్టి మోటార్లు సెల్స్ నడిమికి దగ్గరగా ఉంటే పట్టు వస్తుంది. వెనకబడితే రబ్బరు నేల మీద జారుతూ తిరుగుతుంది, పురుగు ఉన్నచోటే ఉంటుంది.

మీసాలు కట్టడంలోనే చేతి నేర్పు కావాలి. మౌస్ స్విచ్ మీది బొడిపె చాలా చిన్నది, ఈనెను నేరుగా దాని మీద అతికించలేం. మౌస్ పై మూతలోంచే ఒక ప్లాస్టిక్ పట్టీ కోసి, లోపలి కొసను టేపుతో మడతబందులా స్విచ్‌కు అతికించాలి. పట్టీ బొడిపె ముందు తలుపులాగా ఊగుతుంది. ఆ తలుపుకు ఈనె అతికించి ముందుకూ పక్కకూ సాచి పెట్టాలి. గోడ ఈనెను వెనక్కి నెడితే తలుపు బొడిపెను నొక్కుతుంది. బొడిపె నొక్కడానికి ఒక అరవై, డెబ్బయి గ్రాముల బరువంత ఒత్తిడి కావాలి. బందుకు అర సెంటీమీటరు దూరంలో బొడిపె, ఆరు సెంటీమీటర్ల దూరంలో ఈనె కొస ఉంటే ఆ కొస దగ్గర అయిదారు గ్రాములు చాలు. కానీ ఊరికే రాదు: బొడిపె అర మిల్లీమీటరు దిగడానికి ఈనె కొస ఆరు మిల్లీమీటర్లు కదలాలి. ఈనె మరీ సన్నగా ఉంటే ఆ కదలికంతా వంగడంలోనే పోయి స్విచ్ దాకా చేరదు. చీపురు మొదలు దగ్గరి గట్టి భాగం తీసుకోవాలి. సైకిల్ పుల్ల లాంటి ఇనుప కమ్మీ అయితే మరీ బరువు.

మౌస్ దొరకనివాళ్లు స్విచ్‌ను కూడా చేసుకోవచ్చు. స్ప్రింగులా వంగే రేకు పట్టీ ఒకటి, దానికి అటొక మేకు, ఇటొక మేకు. మామూలుగా పట్టీ ఒక మేకుకు ఆని ఉంటుంది, నెడితే రెండోదాన్ని తాకుతుంది. పాత టార్చి, బొమ్మల సెల్ పెట్టెల్లోని రేకు దీనికి బాగా పనికొస్తుంది. కూల్‌డ్రింక్ డబ్బా రేకు వాడితే మాత్రం లోపలా బయటా ఉన్న పూతను గరుకు కాగితంతో గీకాలి. లేకపోతే అంతా సరిగ్గా కలిపినా కరెంటు పారదు, ఎక్కడ తప్పిందో తెలియక గంటలు పోతాయి.

మొదటిసారి సెల్స్ వేయగానే పురుగు సరిగ్గా నడవడం అరుదు. అయితే దాని తప్పును అదే చెప్పుకుంటుంది. ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంటే ఒక మోటార్ ఎదురు తిరుగుతోందని అర్థం, దాని రెండు వైర్లు తారుమారు చేయాలి. తిన్నగానే పోతోంది గానీ వెనక్కి పోతోందంటే రెండు సెల్స్‌నూ తిరగేస్తే సరి. ఎప్పుడూ ఒక పక్కకే ఒరుగుతూ పెద్ద గుండ్రం గీస్తుంటే మోటార్లు సమ ఉజ్జీలు కావు. ఒకేలాంటివి రెండు వెతకమన్నది అందుకే. దొరకకపోతే నెమ్మది మోటార్ ఇరుసు మీద ట్యూబుపై ఇంకో ట్యూబు తొడిగి లావు చేస్తే, తక్కువ చుట్లలో ఎక్కువ దూరం పోయి జోడీతో సమానం అవుతుంది. ముందుకు నీరసంగా, వెనక్కి హుషారుగా పోతుంటే జబ్బు మోటార్లలో లేదు, సెల్‌లో ఉంది. ముందు నడక బరువంతా పై సెల్ ఒక్కటే మోస్తుంది, కింది సెల్‌కు మీసం తగిలినప్పుడే పని. కాబట్టి పైది తొందరగా అరుగుతుంది. అప్పుడప్పుడూ రెంటినీ చోటు మారిస్తే రెండూ సమానంగా ఖర్చవుతాయి.

వారాల తర్వాత వచ్చే జబ్బు వేరు. మీసం నొక్కుకుంటుంది, స్విచ్ టిక్కుమంటుంది, మోటార్ మాత్రం ఒకసారి తిరిగి ఒకసారి తిరగదు. మౌస్ స్విచ్ అతి తక్కువ కరెంటు కోసం చేసినది, మోటార్ లాగే కరెంటుకు దాని లోపలి కొనలు రవ్వలు రాలి నల్లబడతాయి. దానికి వైద్యం లేదు, ఇంకో పాత మౌస్ వెతుక్కోవడమే. ఎక్కువ కరెంటు తట్టుకునే, రేకు మీటతో వచ్చే మైక్రోస్విచ్ కోఠి గుజరాతీ గల్లీ లాంటి విడిభాగాల బజారులో దొరుకుతుంది.

మరీ చిందులు తొక్కే పురుగు వద్దు, నిదానంగా బరువు లాగే బండి కావాలనుకుంటే డీవీడీ డ్రైవ్ దగ్గరికి వెళ్లాలి. పళ్లెం తోసే మోటార్ పక్కనే చిన్న రబ్బరు బెల్టు, ఒక కప్పీ, రెండు మూడు పళ్ల చక్రాలు తయారుగా ఉంటాయి. మోటార్‌ను ఒంటరిగా పీకకుండా ఆ మూల ప్లాస్టిక్ మొత్తాన్ని యాక్సా బ్లేడుతో కోసుకుంటే నిదానం చేసే ఏర్పాటు ఊరికే దక్కినట్టే. చివరి పళ్ల చక్రానికి సీసా మూత అతికిస్తే ఈసారి అది కదులుతుంది. బెల్టు జారుతుంటే రబ్బరు వదులైందన్నమాట, సరిపడే చిన్న రబ్బరు బ్యాండు వేయాలి.

పురుగు చేసినవాడికి తర్వాత వచ్చే కోరిక వెలుతురు వెంట పోయే పురుగు. ఇక్కడే మొదటి గోడ ఎదురవుతుంది. వెలుతురుకు స్పందించే ఎల్‌డీఆర్ చౌకగానే వస్తుంది గానీ దాన్ని మోటార్‌కు నేరుగా కలిపితే ఏమీ జరగదు, మోటార్ నడిచేంత కరెంటును అది పారనివ్వదు. నడుమ ఒక ట్రాన్సిస్టర్ కావాలి, చిన్న కరెంటు సైగ చేస్తే పెద్ద కరెంటును వదిలే గేటు అది. ఆర్డునో బోర్డు కొన్నా చిక్కు ఇదే. దాని ఒక్కో పిన్ను నుంచి 20 మిల్లీ ఆంపియర్లకు మించి తీయడం మంచిది కాదు, మన మోటార్ కనీసం వంద అడుగుతోంది. అందుకే కిట్లో మోటార్ డ్రైవర్ అని ఇంకో బోర్డు వస్తుంది. మౌస్ స్విచ్ ఇన్నాళ్లూ చేతితో చేసిన తారుమారు పనినే అది ట్రాన్సిస్టర్లతో చేస్తుంది. సొంతంగా పురుగు కట్టినవాడికి ఆ బోర్డు పని చూడగానే అర్థమవుతుంది.

అసలు కిట్ ఎప్పుడు కొనాలో కూడా పురుగే చెబుతుంది. దాన్ని గది మూలకు తోలి చూడాలి. రెండు మీసాలూ ఒకేసారి తగులుతాయి, రెండు మోటార్లూ ఒకేసారి వెనక్కి తిరుగుతాయి, పురుగు తిన్నగా వెనక్కి జరుగుతుంది. మీసాలు వదులవ్వగానే మళ్లీ ముందుకే, మళ్లీ అదే మూల. సెల్స్ అయిపోయేదాకా అక్కడే కొట్టుకుంటుంది. ఇంతకుముందే ఇక్కడ తగిలానన్న గుర్తు దానికి లేదు, ఇంకో అర సెకను వెనక్కి పోయి పక్కకు తిరుగుదామనే ఆలోచన లేదు. ఆ అర సెకనును గుర్తుపెట్టుకోవడానికే బోర్డు, ప్రోగ్రాం అవసరమవుతాయి. గ్రే వాల్టర్ దగ్గర చిప్‌లు లేవు. డొప్ప తగలగానే రెండు వాల్వులూ ఒకదాన్నొకటి ఊపుకునేలా కట్టి, తాబేలు ఒకసారి తోస్తూ ఒకసారి తిరుగుతూ అడ్డు నుంచి బయటపడేలా చేశాడు.

మన పురుగుకు వాల్వులు లేవు, ప్రోగ్రాం లేదు. ఎడమ ఈనెను కుడిదాని కంటే ఒక సెంటీమీటరు పొడుగు వదిలి చూడాలి. మూలలో వెనక్కి జరిగేటప్పుడు పొట్టి మీసం ముందు వదులవుతుంది, పొడుగుది ఇంకాసేపు నొక్కుకునే ఉంటుంది. ఆ తేడాలో ఒంటికి కాస్త వంపు వస్తుంది. ఢీకొన్న ప్రతిసారీ మరికొంచెం తిరుగుతుంది. నాలుగైదు సార్లు గుద్దుకున్నాక చాలావరకు మూల వదిలి గోడ వెంట బయటపడుతుంది.